బారువడ్డీ, చక్రవడ్డీ తేడా రెండేళ్ళకీ మూడేళ్ళకీ చప్పున కట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో మా మేడ మీద ఆదివారం పూట నలుగురైదుగురు కుర్రాళ్ళు లెక్కలకి వస్తుంటారు. ఒకడు కానిస్టేబుల్‌కి, ఒకమ్మాయి రైల్వేకి, ఇంకొకడు బ్యాంకు క్లర్కుకి చదువుతున్నారు. ఎవరు దేనికి చదివినా వడ్డీ లెక్కల దగ్గరికి వచ్చేసరికి అందరూ అవే ప్రశ్నలు అడుగుతారు, నేను అవే జవాబులు చెప్తాను. ప్రతి వారం గొంతు చించుకునే బదులు ఒకసారి రాసి పెడదామనిపించింది. సూత్రాల జాబితా కోసం వచ్చినవాళ్ళకి ఇక్కడ పెద్దగా ఏమీ దొరకదు, ఎందుకంటే నేను సూత్రం కంటే ముందు మెట్లు నేర్పుతాను.

అసలు ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

వడ్డీ మీద వడ్డీ నుంచి. అంతే, ఇంకెక్కడి నుంచీ రాదు.

బారువడ్డీలో ఏటా అసలు మీదే వడ్డీ పడుతుంది, నిన్నటి వడ్డీ పక్కన ఊరికే కూర్చుంటుంది. చక్రవడ్డీలో ఆ పక్కన కూర్చున్న వడ్డీ కూడా అసలులో కలిసిపోయి మళ్ళీ వడ్డీ తెస్తుంది. అసలు మీద వచ్చే వడ్డీ రెండింటిలోనూ ఒకటే కాబట్టి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే అది కొట్టుకుపోయి వడ్డీ తెచ్చిన వడ్డీ మాత్రమే మిగులుతుంది. అందుకే తేడా అడిగినప్పుడు చక్రవడ్డీ మొత్తం కట్టి, బారువడ్డీ మొత్తం కట్టి, తీసివేత చేయడం దండగ పని. మీకు కావాల్సిన ముక్క ఏదో తెలుసు కదా, ఆ ముక్కనే కట్టండి.

ఒక ఏడాదికి తేడా ఎంత?

సున్నా. ఏడాదికోసారి వడ్డీ కలిపే పద్ధతిలో మొదటి ఏడాది వడ్డీ తేవడానికి పాత వడ్డీ ఏదీ ఉండదు. ఆరు నెలలకోసారి కలిపితే సంగతి వేరు, అది కింద చెప్తాను.

రెండేళ్ళకి ఎలా కట్టాలి?

12,000 రూపాయలు, నూటికి ఏటా 10 చొప్పున రెండేళ్ళు అనుకోండి. మొదటి ఏడాది వడ్డీ 1,200. రెండో ఏడాది ఈ 1,200 మీద కూడా 10 శాతం పడుతుంది, అంటే 120. తేడా 120 రూపాయలు, లెక్క అయిపోయింది.

అంటే చేసే పని ఏంటంటే అసలుకి రేటు శాతం తియ్యడం, వచ్చినదానికి మళ్ళీ అదే రేటు శాతం తియ్యడం. పుస్తకాల్లో కనిపించే సూత్రం ఇదే, వేషం వేరు:

```
D = P × (R/100) × (R/100)
```

P అంటే అసలు, R అంటే రేటు, D అంటే తేడా. నేనైతే పిల్లలతో సూత్రం రాయించను, బాణం గుర్తులతో మెట్లు రాయిస్తాను: 12,000 → 1,200 → 120. రెండో బాణం తర్వాత ఉన్నదే రెండేళ్ళ తేడా.

మూడేళ్ళకి? రెండేళ్ళ తేడాని ఒకటిన్నర రెట్లు చేస్తే చాలదా?

చాలదు. తప్పులన్నీ ఇక్కడే దొర్లుతాయి కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మా చిన్నాన్న కొడుకు ఈ లెక్కకి 180 అని రాసి, "ఏటి అన్నయ్యా, రెండేళ్ళకి 120 అయితే మూడేళ్ళకి 180 కాదేటి?" అని నిలదీశాడు. ఏడాదికి 60 చొప్పున పెరుగుతోందని వాడి లెక్క. మరి మొదటి ఏడాది తేడా సున్నా అని అప్పుడే కదా అనుకున్నాం, అక్కడ ఆ 60 ఏదీ? తేడా ఏటా సమానంగా పెరిగేది కాదు.

అవే 12,000, అదే 10 శాతం. ఈసారి మెట్లు ఇంకొకటి దించండి: 12,000 → 1,200 → 120 → 12. ఇప్పుడు ఏ వడ్డీ ఏ ఏడాది పనిచేసిందో చూడండి. మొదటి ఏడాది పుట్టిన 1,200 రెండో ఏడాది ఒక 120 తెచ్చింది, మూడో ఏడాది ఇంకో 120 తెచ్చింది. రెండో ఏడాది అసలు మీద కొత్తగా పుట్టిన 1,200 మూడో ఏడాది మరో 120 తెచ్చింది. మొత్తం మూడు 120లు, అంటే 360.

చాలామంది ఇక్కడ పెన్ను మూసేస్తారు. కానీ రెండో ఏడాది వచ్చిన ఆ మొదటి 120 కూడా వడ్డీయే కదా, చక్రవడ్డీలో అది మాత్రం ఊరికే ఎందుకుంటుంది? మూడో ఏడాది అది 12 తెస్తుంది. 360కి 12 కలిపితే 372. మూడేళ్ళ తేడా అది.

నమ్మకం లేకపోతే పాత పద్ధతిలో సరిచూసుకోండి. చక్రవడ్డీ మొదటి ఏడాది 1,200, రెండో ఏడాది 1,320, మూడో ఏడాది 1,452, మొత్తం 3,972. బారువడ్డీ మూడేళ్ళకి 3,600. తీసేస్తే 372.

కాబట్టి మూడేళ్ళకి గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే, రెండో మెట్టు మూడుసార్లు, మూడో మెట్టు ఒకసారి. సూత్రం కావాలంటే:

```
D = P × (R/100)² × (3 + R/100)
```

పరీక్షలో ఈ లెక్క వస్తే ఆప్షన్లలో 360 కనబడుతుందనే అనుకోండి. చివరి 12 మర్చిపోయేవాళ్ళ కోసమే దాన్ని అక్కడ పెడతారు.

రేటు 10 కాకుండా 8, 12 లాంటివి అయితే మెట్లు కష్టం కాదా?

మొదటిసారి అలాగే అనిపిస్తుంది. 15,000 మీద 8 శాతం చూడండి: 15,000 → 1,200 → 96 → 7.68. రెండేళ్ళ తేడా 96, మూడేళ్ళ తేడా 288కి 7.68 కలిపి 295.68. పైసల్లో జవాబు వచ్చిందని భయపడి మళ్ళీ మొదటి నుంచి చెయ్యకండి, మూడేళ్ళ లెక్కల్లో పైసలు రావడం మామూలే. చివరి మెట్టు ఎప్పుడూ చిన్నదే కాబట్టి దశాంశ బిందువు జాగ్రత్తగా పెడితే చాలు.

ఆప్షన్లు దూరం దూరంగా ఉంటే ఆ చివరి మెట్టు కట్టనక్కర్లేదు కూడా. 288 కంటే కొంచెం ఎక్కువ ఉన్న ఆప్షన్ ఏదో చూసి గుర్తు పెట్టేయొచ్చు. దగ్గర దగ్గరగా ఉంటే మాత్రం కట్టి తీరాలి.

పన్నెండున్నర శాతం, ఆరుంపావు శాతం వస్తే?

అప్పుడు శాతం మర్చిపోయి భిన్నంలోకి వెళ్ళండి. పన్నెండున్నర శాతం అంటే ఎనిమిదో వంతు, ఆరుంపావు అంటే పదహారో వంతు. మెట్టు దిగడం అంటే 8తోనో 16తోనో భాగించడమే. 5,120 రూపాయలు, పన్నెండున్నర శాతం: 5,120 → 640 → 80 → 10. రెండేళ్ళకి 80, మూడేళ్ళకి 250. ఇలాంటి రేటు కనబడగానే చాలామందికి టెన్షన్ వచ్చేస్తుంది గానీ, నిజానికి 8 శాతం కంటే ఇదే తేలిక.

తేడా ఇచ్చి అసలు అడిగితే?

అసలు తెలీదు కదా అని x పెట్టి సమీకరణం రాసేవాళ్ళు ఉన్నారు. తప్పేమీ లేదు, ఆలస్యం అంతే. నేను చేసేది వేరు, నాకు నచ్చిన అసలు ఒకటి అనుకుని మెట్లు దిగిపోతాను.

ఉదాహరణకి, ఏటా 5 శాతం చొప్పున మూడేళ్ళకి బారువడ్డీ, చక్రవడ్డీల తేడా 122 రూపాయలు, అసలెంత? 5 శాతం అంటే ఇరవయ్యో వంతు. మూడుసార్లు 20తో నిశ్శేషంగా భాగమయ్యే సంఖ్య కావాలి కాబట్టి 20 × 20 × 20, అంటే 8,000 అనుకున్నాను. మెట్లు: 8,000 → 400 → 20 → 1. తేడా మూడు ఇరవైలు, ఒక ఒకటి, మొత్తం 61. నేననుకున్న 8,000కి 61 వచ్చింది, వాళ్ళిచ్చింది 122, అంటే సరిగ్గా రెట్టింపు. అసలు 16,000.

రెండేళ్ళ లెక్క అయితే 20 × 20 = 400 అనుకుంటే సరిపోతుంది, తేడా 1 వస్తుంది. అంటే 5 శాతం దగ్గర రెండేళ్ళ తేడా ఎంత ఇచ్చినా దాన్ని 400తో గుణిస్తే అసలు వచ్చేస్తుంది. 10 శాతానికి 100తో, 20 శాతానికి 25తో గుణించాలి.

బారువడ్డీ, చక్రవడ్డీ రెండూ ఇచ్చి రేటు అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలి?

రెండేళ్ళ బారువడ్డీ 1,800, అంతే కాలానికి చక్రవడ్డీ 1,881 అన్నారనుకోండి. ముందు 1,800ని సగం చెయ్యండి, 900. ఇది ఒక ఏడాది వడ్డీ, మన మొదటి మెట్టు. తేడా 81, ఇది రెండో మెట్టు. 900 నుంచి 81కి దిగాం, అంటే నూటికి 9. రేటు 9 శాతం. 900 అనేది 9 శాతం అయితే అసలు 10,000.

సగం చెయ్యడం మర్చిపోయి 81ని 1,800తో భాగిస్తే నాలుగున్నర శాతం వస్తుంది. ఆ తప్పు చేశారో లేదో పట్టుకోవడం సులువే. నాలుగున్నర శాతం చొప్పున రెండేళ్ళకి 1,800 రావాలంటే అసలు 20,000 ఉండాలి, దాని మీద రెండేళ్ళ తేడా నలభైన్నర రూపాయలే వస్తుంది, 81 రాదు. ఇలా వెనక్కి వెళ్ళి చూసుకోడానికి పది సెకన్లు చాలు.

ఇదే లెక్కని కొంచెం మెలిపెట్టి బారువడ్డీ మూడేళ్ళకి, చక్రవడ్డీ రెండేళ్ళకి ఇస్తారు. మూడేళ్ళ బారువడ్డీ 2,700, రెండేళ్ళ చక్రవడ్డీ 1,881 అని. తొందరలో రెండూ ఒకే కాలానికి అనుకుని తీసివేశారంటే బారువడ్డీయే ఎక్కువ వచ్చినట్టు కనబడుతుంది. ఒకే కాలానికి, ఒకే రేటుకి చక్రవడ్డీ ఏడాది దాటాక ఎప్పుడూ బారువడ్డీ కంటే ఎక్కువే ఉండాలి. తక్కువ కనబడితే ప్రశ్న మళ్ళీ చదవండి. ఇక్కడ 2,700ని మూడుతో భాగిస్తే అదే 900, మిగతాది పైన చేసినట్టే.

రెండేళ్ళ తేడా, మూడేళ్ళ తేడా మాత్రమే ఇచ్చారు. అసలూ లేదు, వడ్డీ లేదు. రేటు చెప్పగలమా?

చెప్పగలం, నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. మూడేళ్ళ తేడాలో రెండో మెట్టు మూడుసార్లు ఉంది, రెండేళ్ళ తేడా అంటే ఆ రెండో మెట్టే. పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని మూడుసార్లు తీసేస్తే మూడో మెట్టు బయటపడుతుంది.

రెండేళ్ళకి 50, మూడేళ్ళకి 160 అన్నారు. 160లోంచి 150 పోతే 10. 50 నుంచి 10కి దిగాం, అంటే అయిదో వంతు, రేటు 20 శాతం. అసలు కావాలంటే అయిదుతో గుణించుకుంటూ మెట్లెక్కండి: 50, 250, 1,250. అసలు 1,250.

దీంట్లోంచే ఇంకో చిన్న లాభం ఉంది. మూడేళ్ళ తేడా ఎప్పుడూ రెండేళ్ళ తేడాకి మూడు రెట్ల కంటే కాస్త ఎక్కువే ఉంటుంది. మీ జవాబు మూడు రెట్ల కంటే తక్కువ వచ్చిందంటే ఎక్కడో జారారు.

ఆరు నెలలకోసారి వడ్డీ కలిపితే?

రేటు సగం, మెట్ల సంఖ్య రెట్టింపు. 20,000 మీద ఏటా 10 శాతం, ఆరు నెలలకోసారి కలుపుతారు, ఒక ఏడాదికి తేడా ఎంత అంటే ఇది 5 శాతం చొప్పున రెండు విడతల లెక్క: 20,000 → 1,000 → 50. తేడా 50. ఏడాదిన్నర అడిగితే మూడు విడతలు, మూడు యాభైలూ ఒక రెండున్నరా, 152.50.

పైన ఒక ఏడాదికి తేడా సున్నా అన్నాను కదా, అది గుడ్డిగా పట్టుకుని ఇక్కడ సున్నా రాయకండి. 'అర్ధ సంవత్సరానికి' అన్న మాట ప్రశ్న చివర్లో ఎక్కడో దాక్కుని ఉంటుంది.

రెండున్నరేళ్ళు అయితే?

ఏడాదికోసారి కలిపే లెక్కలో ఆ చివరి ఆరు నెలలకీ అప్పటిదాకా పోగైన మొత్తం మీద మామూలు బారువడ్డీ వేస్తారు, పాఠ్యపుస్తకాల్లో పాటించే పద్ధతి అదే. అంటే మూడో ఏడాది మధ్యలో తేడా నేరుగా గీత గీసినట్టు పెరుగుతుంది. కాబట్టి రెండేళ్ళ తేడాకీ మూడేళ్ళ తేడాకీ సరిగ్గా మధ్యలో ఉన్నదే జవాబు. మన 12,000 లెక్కలో 120కీ 372కీ మధ్య 246. కావాలంటే రెండేళ్ళ చివర పోగైన వడ్డీ 2,520 మీద 5 శాతం 126, దానికి పాత 120 కలిపి చూడండి, అదే వస్తుంది.

మొదటి ఏడాది ఒక రేటు, రెండో ఏడాది ఇంకో రేటు అంటే?

మెట్లు అవే, ఒక్కో మెట్టుకి ఒక్కో రేటు. 10,000 మీద మొదట 10 శాతం, తర్వాత 12 శాతం: 10,000 → 1,000 → 120. రేట్లు అటూ ఇటూ మార్చినా 120 మారదు. మూడేళ్ళకి మూడు వేర్వేరు రేట్లు ఇస్తే మాత్రం నేను మెట్లు వదిలేసి ఏడాదికేడాది కట్టేస్తాను. అక్కడ తెలివి చూపించబోతే టైమ్ తినేస్తుంది.

నాలుగేళ్ళకి కూడా ఇలాగే చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. రెండో మెట్టు ఆరుసార్లు, మూడోది నాలుగుసార్లు, నాలుగోది ఒకసారి. కానీ పరీక్షల్లో అరుదుగా వస్తుంది, దీనికోసం బుర్ర పాడుచేసుకోకండి.

మన ఊళ్ళల్లో 'రెండు రూపాయల వడ్డీ' అంటారు కదా, అది బారువడ్డీయా చక్రవడ్డీయా?

ఈ ప్రశ్న నరసన్నపేట వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి అడిగింది. పరీక్ష కోసం కాదు, ఇంట్లో నోటు ఉందట.

రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి రెండు, అంటే ఏడాదికి 24 శాతం. ఇది తెలీక 2 శాతం అనుకుని లెక్క కట్టే పట్నం పిల్లలు కూడా ఉన్నారు. మాట ప్రకారం చూస్తే అది బారువడ్డీయే. 50,000 తీసుకుంటే నెలకి 1,000, ఏడాదికి 12,000, మూడేళ్ళకి 36,000.

కానీ నోటు తిరగరాసినప్పుడు కథ మారుతుంది. ప్రాంసరీ నోటు మీద దావా వెయ్యడానికి 1963 కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్ళు. అందుకే మూడేళ్ళు నిండే లోపు అప్పిచ్చినాయన "నోటు మార్చేద్దాం" అంటాడు. పాత నోటు చింపి, అసలు 50,000, వడ్డీ 36,000 కలిపి 86,000కి కొత్త నోటు రాయిస్తే, ఆ క్షణం నుంచి 36,000 మీద కూడా వడ్డీ నడుస్తుంది. నోటి మాట బారువడ్డీయే, కాగితం మీద మూడేళ్ళకోసారి తిరిగే చక్రవడ్డీ.

ఎంత తేడా పడుతుందో మన మెట్లతోనే తేలిపోతుంది. ఒక విడత అంటే ఇక్కడ మూడేళ్ళు, విడత రేటు 72 శాతం. రెండు విడతలకి: 50,000 → 36,000 → 25,920. అంటే ఆరేళ్ళలో ఒక్కసారి నోటు మార్చినందుకు అదనంగా పడింది 25,920. సరిచూడాలంటే 86,000 మీద మూడేళ్ళ వడ్డీ 61,920, దానికి మొదటి 36,000 కలిపితే 97,920. నోటు మార్చకుండా ఉంటే ఆరేళ్ళకి 72,000. తేడా అదే.

ఆ అమ్మాయి వెంటనే "మరి నోటు మార్చకపోతే ఆయన ఒప్పుకోడు కదండీ" అంది. దానికి పాతకాలం నుంచీ ఉన్న దారి చెల్లు రాయడం. గడువు లోపల ఎంతో కొంత కట్టి, ఆ సంగతి నోటు వెనక రాసి, తేదీ వేసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి గడువు మళ్ళీ మూడేళ్ళు మొదలవుతుంది. అప్పిచ్చినాయనకి భయం ఉండదు, అసలు 50,000 గానే ఉంటుంది, వడ్డీ అసలులో కలవదు. వాళ్ళ నాన్నగారు ఆ తర్వాత అలాగే రెండు వేలు కట్టి చెల్లు రాయించారట. ఆ తర్వాతి ఆదివారం వచ్చి, ఆ 25,920 అంకె కాగితం మీద మెట్లు గీసి చూపించాకే అటు పక్కన ఆయన మెత్తబడ్డాడని చెప్పింది.